ఆరుగురికీ ఆ మంగళవారమే కావాలంటే

ప్రశ్న: తిరుపతి బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. నా కింద పది మంది. రిసెప్షన్‌లో నలుగురు, గదుల పనికి ఆరుగురు. ఉదయం ఆరు నుంచి రెండు, రెండు నుంచి పది, రాత్రి పది నుంచి ఆరు, మూడు షిఫ్టులు. ప్రతి నెలా డ్యూటీ చార్ట్ నేనే వేస్తాను. వచ్చే నెల మా ఊరి గంగమ్మ జాతర. "ఎవరికి ఏ రోజులు ఆఫ్ కావాలో చెప్పండి" అని వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పది నిమిషాల్లో ఆరుగురు జాతర మంగళవారమే కావాలన్నారు. ముందు అడిగినవాళ్లకు ఇచ్చేద్దామంటే, నైట్ చేసి పడుకున్న కుర్రాడు "నేను లేచేసరికే అయిపోయిందా మేడమ్?" అన్నాడు. పిల్లలున్నవాళ్లకు ఇద్దామంటే గదుల పని చేసే ఒకావిడ "నాకు పిల్లలు లేరని ప్రతి పండక్కీ నేనేనా?" అని ఏడ్చేసింది. ఓనరేమో మే నెలలో ఎవరికీ సెలవే లేదంటున్నాడు. పోయిన పండక్కి గొడవెందుకని నేనే డబుల్ డ్యూటీ చేశాను. ఈసారి ఒంట్లో ఓపిక లేదు. ఎవరికి ఇవ్వాలి, ఎవరిని కాదనాలి?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఎవరికి ఇవ్వాలన్నది చివర్లో తేలుతుందమ్మా. ముందు ఆ రోజు ఎంతమందిని వదలగలరో లెక్క వేయండి. ఆ అంకె చేతిలో లేకుండా అడిగారు కాబట్టే ఆరుగురూ ధైర్యంగా అడిగారు.

రిసెప్షన్‌లో షిఫ్టుకు ఒకరు చొప్పున రోజుకు ముగ్గురు కావాలి. ఉన్నది నలుగురు. అంటే ఏ రోజైనా ఒక్కరే ఆఫ్‌లో ఉండగలరు. గదుల వైపు ఉదయం ఇద్దరు, మధ్యాహ్నం ఇద్దరు, రాత్రి ఒకరు అనుకుందాం. మీ దగ్గర వేరేలా ఉంటే ఆ అంకెలు వేసుకోండి. రోజుకు ఐదుగురు కావాలి, ఉన్నది ఆరుగురు. అక్కడా ఒక్కరే. "పది మందిలో ఇద్దరు ఆఫ్" అని కలిపి చూస్తే మోసపోతారు. ఇద్దరూ రిసెప్షన్ వాళ్లే అయితే మిగిలిన ఇద్దరూ చెరో పన్నెండు గంటలు కూర్చోవాలి. గదులు ఊడ్చే మనిషిని తీసుకొచ్చి క్యాష్ కౌంటర్‌లో కూర్చోబెట్టలేరు కదా. అందుకే ఈ రెండు జట్లకు లెక్క వేర్వేరుగా వేయాలి.

ఇంకో అడుగు ముందుకు వెళ్లి వారం మొత్తానికి చూడండి. తలా ఒక వీక్లీ ఆఫ్ తీసేస్తే రిసెప్షన్ నలుగురూ కలిపి వారానికి 24 షిఫ్టులు చేయగలరు. కావలసినవి 21. మూడు షిఫ్టుల వెసులుబాటు ఉంది. గదుల వైపు ఆరుగురు కలిసి 36 చేయగలరు, కావలసినవి 35. వెసులుబాటు ఒక్కటంటే ఒక్కటే. కాబట్టి ఆ వారం గదుల వైపు వీక్లీ ఆఫ్ కాకుండా అదనంగా ఇవ్వగలిగిన సెలవు ఒకటే. ఒకరికి జ్వరం వస్తే అదీ పోతుంది. పోయిన పండక్కి మీరు డబుల్ డ్యూటీ చేసింది ఈ ఖాళీ పూడ్చడానికే. మీరు పూడ్చేశారు కాబట్టి ఖాళీ ఉందన్న సంగతే ఓనరుకు తెలియలేదు.

ఇక అడిగే పద్ధతి. గ్రూపులో అడగడం ఆపేయండి. ఒకరు "మంగళవారం" అని పెట్టగానే, అంతగా అవసరం లేనివాళ్లు కూడా తర్వాత దొరకదేమోనని అదే పెడతారు. మీకొచ్చిన ఆరింటిలో రెండో మూడో ఇలాంటివే అయ్యుంటాయని నా అనుమానం. పైగా ముందు వచ్చినవాళ్లకు ముందు అన్న పద్ధతిలో గెలిచేది ఆ వేళకు ఫోన్ చేతిలో ఉన్నవాళ్లే. మీరు ఉదయం పదింటికి మెసేజ్ పెడితే ఆ వేళకు నైట్ చేసినవాడు ఎప్పుడూ నిద్రలోనే ఉంటాడు. ప్రతి నెలా ఓడిపోయేది అతనే.

నేనైతే ఇలా రాసి ఒక్కొక్కరికీ విడివిడిగా పంపుతాను: "మే డ్యూటీ చార్ట్ కోసం 18వ తేదీ రాత్రిలోపు నాకొక్కదానికే రాయండి. ఏ తేదీన, ఏ గంట నుంచి ఏ గంట వరకు మీరు రాలేరు? అందులో తప్పనిసరి అనుకునేవి ఏవి? నెలకు రెండుకు మించి తప్పనిసరి అని రాయొద్దు. పూర్తి సెలవు కుదరకపోతే ఆ రోజు ఏ షిఫ్టు అయితే మీకు ఫర్వాలేదు? రిసెప్షన్ నుంచి రోజుకు ఒకరు, గదుల వైపు నుంచి ఒకరు మాత్రమే ఆఫ్‌లో ఉండగలరు. ముందు రాసినవాళ్లకు ముందు అని ఏమీ లేదు." రాయడం ఇబ్బందిగా ఉండేవాళ్లను పక్కకు పిలిచి అడిగి మీ పుస్తకంలో మీరే రాసుకోండి.

ఇందులో అసలు పని చేసేది గంటల ప్రశ్న. మీవాళ్లు అడుగుతున్నది మంగళవారం. వాళ్లకు కావలసింది మంగళవారంలో ఒక ముక్క. జాతర సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. చాటింపు అయిన మర్నాటి నుంచి బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, సున్నపుకుండలు అని రోజుకొకటి నడుస్తుంది. మంగళవారం పొంగళ్లు. తెల్లారితే బుధవారం అమ్మవారి మట్టి విశ్వరూపం, ఆ బొమ్మ చెంప నరకడం. పొంగలి పెట్టుకోవాలనుకునే ఆడపిల్లకు కావలసింది పొద్దుటిపూట. విశ్వరూపం చూడాలనుకునేవాడికి కావలసింది మంగళవారం రాత్రి పది తర్వాత, బుధవారం పొద్దున. ఇంట్లో పిల్లాడికి మాతంగి వేషం కట్టే మొక్కున్న తండ్రికి అసలు కావలసింది ఆదివారం. వీళ్లందరూ జాతర అనగానే మంగళవారం అనే అంటారు. మీరూ అదే రాసుకుంటే ఆరుగురు ఢీకొన్నట్టు కనిపిస్తుంది.

ఒక చార్ట్ వేసి చూపిస్తాను. ఉత్తరంలో లేని వివరాలు నేను ఊహించుకుంటున్నాను, మీవి మీరు మార్చుకోండి. అడిగిన ఆరుగురిలో ముగ్గురు రిసెప్షన్, ముగ్గురు గదుల వైపు అనుకుందాం. రిసెప్షన్ అమ్మాయికి పొద్దున పొంగలి, తర్వాత ఇంటికి చుట్టాలు. రెండో ఆయనకు సాయంత్రం కుటుంబంతో గుడికి వెళ్లాలి, విశ్వరూపం కూడా చూడాలి. మూడో కుర్రాడికి విశ్వరూపం చాలు. నాలుగో అతను బయటి ఊరివాడు, ఏమీ అడగలేదు.

మంగళవారం రెండో ఆయనకు ఉదయం షిఫ్టు వేయండి. రెండింటికి దిగిపోతాడు, సాయంత్రం, రాత్రి అంతా అతనిదే. కుర్రాడికి మధ్యాహ్నం షిఫ్టు. రాత్రి పదికి దిగి నేరుగా తాతయ్యగుంట గంగమ్మ గుడికి పోవచ్చు, బుధవారం అతనికి ఆఫ్. బయటి ఊరి అతనికి నైట్. ఆ అమ్మాయికి మంగళవారం పూర్తి ఆఫ్. బుధవారం ఆమె ఉదయం, రెండో ఆయన మధ్యాహ్నం, బయటి ఊరి అతను మళ్లీ నైట్. ముగ్గురు అడిగితే ముగ్గురి పనీ జరిగింది, ఖర్చయింది మాత్రం ఒక్క మంగళవారం ఆఫ్. చిక్కు ఒకటే, ఆ రెండో ఆయనకు సోమవారం మధ్యాహ్నం షిఫ్టు పడకూడదు. రాత్రి పదికి దిగి ఇల్లు చేరి, తిని, పడుకుని మళ్లీ పొద్దున ఆరింటికి రావాలంటే నిద్ర నాలుగైదు గంటలకు మించి ఉండదు. మధ్యాహ్నం షిఫ్టు వెంటనే మర్నాడు ఉదయం షిఫ్టు, నైట్ దిగిన రోజే మధ్యాహ్నం షిఫ్టు, ఈ రెండూ చార్ట్‌లో ఎక్కడ కనిపించినా ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి మార్చేయండి. ఒక్క మంగళవారాన్నే సర్దుతూ కూర్చుంటే అటు సోమవారంలోనో ఇటు బుధవారంలోనో ఇలాంటిది తప్పకుండా దూరుతుంది.

గదుల వైపు ఇంత సులువుగా తేలదు. అక్కడున్న చిన్న కుర్రాడు స్నేహితులతో సాయంత్రం తిరగాలంటాడు. అతనికి ఉదయం షిఫ్టు చాలు. మిగిలింది ఇద్దరు. చిత్తూరు నుంచి అక్కాబావలు వస్తున్నారని రోజంతా అడిగే సీనియర్ ఒకరు, మీ ముందు ఏడ్చిన ఆవిడ ఒకరు. ఇద్దరికీ పూర్తి రోజే కావాలి, ఉన్నది ఒకటే. ఆరుగురితో మొదలైన గొడవలో నిజంగా తగువు పడేది ఈ ఇద్దరికే. ఈ ఒక్క చోటే మీరు తీర్పు చెప్పాలి.

ఇక్కడ మీ ముందు కొన్ని దారులున్నాయి.

కారణాలు విని ఎవరిది పెద్దదో తేల్చడం ఒక దారి. నాకు ఇది నచ్చదు. పిల్లలున్నవాళ్లకు, కొత్తగా పెళ్లయినవాళ్లకు అని ఒకసారి మొదలుపెడితే ఒంటరివాళ్లకూ పిల్లలు లేనివాళ్లకూ ప్రతి పండగా డ్యూటీయే అవుతుంది. ఆవిడ ఏడ్చింది అందుకే. తన ఇంటి సంగతి నలుగురిలో చెప్పుకుంటే తప్ప సెలవు రాదన్న పరిస్థితి ఎవరికీ పెట్టకూడదు. పైగా కారణాలకు మార్కులు వేస్తున్నారని తెలిస్తే రెండు నెలల్లో మీ జట్టులో అందరి అత్తగార్లకూ ఒంట్లో బాగుండదు. కారణం అడగాల్సినవి కొన్నే ఉంటాయి. ఆసుపత్రి, చావు, సొంతవాళ్ల పెళ్లి, తనకో బిడ్డకో పరీక్ష. ఇవి రోజు మార్చుకోలేనివి కాబట్టి ముందు వరుసలో పెట్టండి. మే నెల అంటే ఎంట్రన్స్ పరీక్షల కాలం, పెళ్లిళ్ల కాలం కూడా. ఈ తేదీలు ముందే తెలిసినవి, కాబట్టి 18వ తేదీలోపు చెప్పి తీరాలి. మిగతావన్నీ సమానమే. పొంగలి పెద్దదా చుట్టాలు పెద్దవాళ్లా అని మీరు తూచొద్దు.

చీటీలు వేయడం ఇంకో దారి. వేగంగా తేలుతుంది, మీ మీద మాట రాదు. కానీ చీటీకి పోయిన పండగ గుర్తుండదు. సంక్రాంతికి డ్యూటీ చేసిన మనిషికే ఈసారీ ఓడిపోయే చీటీ వస్తే, చీటీలే కదా అని ఊరుకోమనడం కష్టం. ఇద్దరూ అన్ని విధాలా సమానంగా ఉన్నప్పుడు మాత్రమే చీటీ వేయండి.

మూడోది వంతుల పుస్తకం. నా ఓటు దీనికే. ఒక నోటు పుస్తకంలో పది పేర్లు నిలువుగా, పండగలు అడ్డంగా రాయండి. పండగ రోజు ఎవరు డ్యూటీ చేశారో అక్కడ ఒక టిక్కు. ఈ ఏడాది సంక్రాంతి, ఉగాది హాజరు పట్టీలో ఉంటాయి, చూసి ఎక్కించండి. అంతకు ముందు ఏడాదికి వెళ్లొద్దు, ఎవరి జ్ఞాపకం వాళ్లది, గొడవ తప్ప ఏమీ రాదు. ఇద్దరు ఒకే రోజు అడిగినప్పుడు టిక్కులు ఎక్కువున్నవాళ్లకు సెలవు. ఆ ఏడ్చిన ఆవిడకు రెండు టిక్కులుండి సీనియర్‌కు ఒకటే ఉందనుకోండి, మంగళవారం ఆవిడదే. మీరు ఇచ్చారని కాదు, పుస్తకం ప్రకారం. ఈ పుస్తకాన్ని రిసెప్షన్ డెస్కు మీదే పెట్టండి. మీ సొరుగులో దాస్తే నమ్మకం పోతుంది. జట్టులో ముస్లింలో క్రైస్తవులో ఉంటే వాళ్ల రంజాన్, క్రిస్మస్ కూడా అదే వరుసలో ఉండాలి. అందరికీ సంక్రాంతి ఒక్కటే పండగ అన్నట్టు టిక్కులు పెడితే లెక్క తప్పుతుంది.

ఈ పుస్తకానికీ ఒక బలహీనత ఉంది. చార్ట్‌లో ఎవరి పేరుందో చూసి టిక్కు పెడితే, తర్వాత షిఫ్టు మార్చుకుని ఇంటికి పోయినవాడికి కూడా టిక్కు పడుతుంది. పండగ మర్నాడు హాజరు చూసి, నిజంగా పని చేసినవాళ్లకే పెట్టండి. మంగళవారం నైట్ చేసిన ఆ బయటి ఊరి అతనికి కూడా పడాలి. అతను ఏమీ అడగలేదు కదా అని ఊరికే వదిలేస్తే రేపు వినాయక చవితికి అతను ఊరెళ్లాలన్నప్పుడు చూపించడానికి ఏమీ ఉండదు.

మరి ఓడిపోయిన సీనియర్? ఆయన్ను ఉత్త చేతులతో పంపక్కర్లేదు. రెండు షిఫ్టులు ముందు పెట్టి ఎంచుకోమనండి. మంగళవారం నైట్ తీసుకుంటే పగలంతా అక్కాబావలతో ఉంటారు, పొంగలి, భోజనాలు అన్నీ అవుతాయి. కానీ విశ్వరూపం వేళకు లాడ్జిలోనే ఉంటారు. ఉదయం షిఫ్టు తీసుకుంటే మధ్యాహ్నం రెండు నుంచి ఖాళీ, రాత్రి జాతర, తెల్లవారి విశ్వరూపం దక్కుతాయి, ఇంట్లో పొద్దుటి వంట దక్కదు. అప్పుడు గదుల వైపు మరొకరు నైట్‌కు మారాలి. ఆయన ఏది ఎంచుకున్నా గదుల వైపు ఐదుగురూ సరిపోతారు. ఈ సంగతి ఆయనకు మీరే ఎదురుగా కూర్చుని చెప్పండి. గోడ మీద చార్ట్ చూసి తెలుసుకుంటే సీనియర్ కాబట్టి ఇంకా మండుతుంది.

ఓనరు విషయం. ఎండాకాలం సెలవుల్లో కొండకు వచ్చే జనం ఎంతో ఆయనకు తెలుసు, ఆయన భయం అబద్ధం కాదు. "జాతరకు సెలవులివ్వాలి" అని మొదలుపెడితే వెంటనే కుదరదంటాడు. 35 షిఫ్టులు, 36 షిఫ్టులు అన్న ఆ కాగితం ముందు పెట్టండి. "సార్, ఏ షిఫ్టూ ఖాళీ లేకుండా చార్ట్ వేశాను. గదుల వైపు వారం మొత్తానికి మిగిలేది ఒక్క షిఫ్టు. ఎవరైనా రాకపోతే రోజు కూలికి మనిషిని పెట్టుకోవడానికి ఒప్పుకోండి" అనండి. గదుల పనికి ఇంతకు ముందు మీ దగ్గర చేసి మానేసినవాళ్లు ఒకరోజుకు దొరకొచ్చు. రిసెప్షన్‌కు అలా కుదరదు, ఆధార్ చూసి రిజిస్టర్ రాయడం, అడ్వాన్సు తీసుకోవడం కొత్త చేతికి అప్పగించలేరు. అసలు ఎవరికీ ఆఫే వద్దని ఆయన పట్టుబడితే ఒక్క మాట చెప్పండి. వారానికి ఒకరోజు సెలవు ఆయన దయ మీద నడిచేది కాదు, 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టంలోనే ఉంది. అందరి ఆఫ్‌లూ రద్దు చేస్తే ఇంకో తిప్పలు కూడా ఉంది. ఆ పొద్దున ఇద్దరు ముగ్గురు కడుపునొప్పి అని ఫోన్ చేస్తారు, ఎవరు రారో మీకు ముందు తెలియదు. అడిగినవాళ్లకు సగం రోజైనా దక్కితే ఆ ఫోన్లు తగ్గుతాయి.

తేదీల సంగతి కూడా చూసుకోండి. 18కల్లా కోరికలు, 20కి ముసాయిదా చార్ట్, 22 వరకు అభ్యంతరాలు, 25న గోడ మీదకు. ఆ తర్వాత మార్పులు వాళ్లలో వాళ్లు చేసుకోవాలి. రిసెప్షన్ వాళ్లు రిసెప్షన్ వాళ్లతోనే, ఇద్దరూ చార్ట్ మీద సంతకం పెట్టి, కనీసం ఒకరోజు ముందు మీకు చెప్పి. మీరు చూడాల్సింది రెండే, నిద్రకు గంటలు మిగులుతున్నాయా, ఎవరి వీక్లీ ఆఫ్ అయినా ఎగిరిపోతోందా. ఫోన్లో "మేడమ్, మేం మార్చుకున్నాం" అన్న మాట మాత్రం ఒప్పుకోవద్దు. ఇద్దరూ రాని షిఫ్టులు పుట్టేది అక్కడే.

నెలకు రెండు తప్పనిసరి అన్నాను కదా, అందరూ ప్రతి నెలా రెండూ వాడేస్తుంటే కంగారు పడొద్దు, అలాగే వాడతారు. ఒకే మనిషి ప్రతి నెలా శని, ఆదివారాలకే వాడుతుంటే పిలిచి అడగండి. ఇంట్లో పెద్దవాళ్లను చూసుకునే పని ఉండొచ్చు, బయట ఇంకో చోట పని చేస్తూ ఉండొచ్చు. మొదటిదైతే ఆ మనిషికి వీక్లీ ఆఫే వారాంతానికి మార్చి, తప్పనిసరి కోటా తగ్గించండి. రెండోదైతే ఆ మాట వేరు.

మంగళవారం పొద్దున ఎవరైనా రాకపోతే మొదట ఎవరికి ఫోన్ చేయాలో సోమవారమే రాసిపెట్టుకోండి. గదుల వైపు ఆ కూలి మనిషి, తర్వాత మధ్యాహ్నం షిఫ్టులో ఒకరు రెండు గంటలు ముందు రావడం, ఆ ముందు షిఫ్టువాళ్లలో ఒకరు రెండు గంటలు ఆగడం. అదనపు గంటలకు మామూలు జీతానికి రెట్టింపు ఇవ్వాలని ఓనరుకు ముందే చెప్పి ఒప్పించుకోండి. ఆ వరుసలో మీ పేరు చివర్న ఉండాలి, అదీ ఒక షిఫ్టుకు మించకుండా.